విడాకులు, మళ్లీ పెళ్లి, సింగిల్ పేరెంట్: మారుతున్న కుటుంబం

విడాకులు పెరిగి కుటుంబం పాడైపోయిందని కొందరు, ఇదంతా స్వేచ్ఛేనని ఇంకొందరు అంటారు, నాకు రెండిట్లోనూ సగం నిజమే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఎవరి తప్పూ నిరూపించక్కర్లేని విడాకుల చట్టం 1970లో అమల్లోకొచ్చింది, ఐర్లాండ్‌లో 1995 రెఫరెండం తర్వాతే, మాల్టాలో 2011లో గానీ విడాకులకి దారి దొరకలేదు. అంతకుముందు ఐర్లాండ్, మాల్టాల్లో అందరూ సుఖంగా ఉన్నారని కాదు, బయటికొచ్చే దారి లేదంతే.

పిల్లల సంగతే అసలు కష్టం. రోజూ అరుపులు, కొట్టుకోవడాలు ఉన్న ఇంట్లోంచి బయటపడితే వాళ్లకి ఊపిరాడుతుంది, కానీ పైకి గొడవల్లేని ఇల్లు హఠాత్తుగా విడిపోతే మాత్రం ఏమైందో అర్థం కాక, తమవల్లే జరిగిందేమో అనుకుని లోపల్లోపల నలిగిపోతారు, అది పెద్దవాళ్లకి చాలాసార్లు కనపడదు కూడా.

సింగిల్ పేరెంట్ అంటే విడాకులే అనుకోకండి, భాగస్వామి చనిపోయినవాళ్లూ ఉంటారు. వాళ్లకి తక్కువయ్యేది ప్రేమ కాదు, డబ్బూ టైమూ: ఒక్క జీతంతో ఇల్లు నడపాలి, బిడ్డకి జ్వరమొస్తే సెలవు పెట్టేదీ వాళ్లే. జాలి చూపించే బదులు ఆ పూట బిడ్డని చూసుకుంటే చాలు.

మళ్లీ పెళ్లితో ఆసరా దొరుకుతుంది, నిజమే. కానీ కొత్తగా వచ్చిన మనిషిని వెంటనే నాన్న అనో అమ్మ అనో పిలవమని పిల్లల్ని బలవంతం చేయడం తప్పు, ఆ పిలుపు వస్తే దానంతటదే రావాలి, రాకపోయినా పర్లేదు.