సబ్జెక్టు: తోతాపురి సీజన్ ప్రారంభం – 47 మెయిళ్లలో తేలినవి, తేలనివి

మే 23, సాయంత్రం 5.40

నమస్తే సార్,

మీరు చెన్నై నుంచి చిత్తూరు చేరేలోపు కారులోనే చూసుకునేలా, మే 14 నుంచి నడుస్తున్న మెయిళ్లన్నీ చదివి ఇది రాస్తున్నాను. మొత్తం 47. రాసినవాళ్లు 11 మంది. పదిహేను దాకా ఉత్త "ఓకే"లు, "నోటెడ్"లే. టైం లేకపోతే ఈ కింది పేరా ఒక్కటి చదివి సుబ్రహ్మణ్యం గారికి ఫోన్ చేయండి చాలు.

ముందుగా బాయిలర్

జూన్ 8న క్రషింగ్ మొదలని అందరూ ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. కానీ మన బాయిలర్ సర్టిఫికెట్ గడువు జూన్ 3తో అయిపోతోంది. 17వ తేదీ రాత్రి సుబ్రహ్మణ్యం గారు రెండే లైన్లు రాశారు: "ఇన్‌స్పెక్షన్‌కి అప్లై చేశాం, తేదీ ఇంకా రాలేదు. బాయిలర్ విప్పి, కడిగి సిద్ధం చేయడానికి మూడు రోజులు కావాలి." అప్పుడు టోకెన్ల మీద వాదన జోరుగా ఉంది, ఆ మెయిల్ ఎవరి కంటా పడలేదు. సర్టిఫికెట్ లేకుండా బాయిలర్ వెలిగించలేం, ఆవిరి లేనిదే గుజ్జు స్టెరిలైజ్ కాదు. అందుకే జూన్ 8ని నిర్ణయాల్లో రాయలేదు. తేదీ కోసం తిరగాల్సింది సుబ్రహ్మణ్యం గారే, కానీ మీరు ఒక మాట మాట్లాడితే తొందరగా కదులుతుందని నాకనిపిస్తోంది.

తేలినవి

కాయ రోజుకు 50 టన్నులకు మించి తీసుకోరు. టోకెన్లు ముందురోజే ఫోన్లో ఇస్తారు, రోజుకు 12 లోడ్లు. ఈ పని మునిరత్నం గారిది. మొదటి వారం బంగారుపాళ్యం, పెనుమూరు వైపు తోపుల నుంచి, తర్వాత దామలచెరువు వైపు.

కార్బైడ్ పెట్టి మాగబెట్టిన కాయ గేటు దాటకూడదు. మన మాగబెట్టే గదుల్లో ఎథిలిన్ 100 పీపీఎం దాటకుండా రోజుకు రెండుసార్లు రీడింగ్ రాస్తారు. హేమలత గారి బాధ్యత. దీని మీద ఎవరూ అడ్డు చెప్పలేదు.

నైట్ షిఫ్ట్ ఆడవాళ్లకు గుడిపాల వైపు బస్సు ఒప్పుకున్నారు. భార్గవి గారు మాట్లాడేశారు కూడా.

ఎవరి పని అన్నది తేలనిది

అసెప్టిక్ బ్యాగులు. స్టోర్స్‌లో 900 ఉన్నాయి. రోజుకు 120 డ్రమ్ములు నింపితే ఏడున్నర రోజులకే అయిపోతాయి. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 12 రోజులు. "పర్చేజ్‌కి పంపించా" అని స్టోర్స్ రెడ్డెప్ప గారు రాశారు. "ఇండెంట్ రాలేదు" అని 20న మునిరత్నం గారు రాశారు. ఇద్దరికీ ఫోన్ చేసి అడిగాను. ఇండెంట్ కాగితం మీద సంతకం లేక, రెడ్డెప్ప గారి టేబుల్ మీదే ఉంది. ఆ సంతకం మీది సార్. ఈ నెల 30 లోపు ఆర్డర్ వెళ్లాలి. ఇకమీదట దీనికి ఒక్కరే బాధ్యులు అని మీరు తేల్చి రాస్తే మంచిది. నా మాటకైతే రెడ్డెప్ప గారిని పెట్టండి.

మీరే చెప్పాల్సినవి

టోకెన్ లేకుండా వచ్చిన ట్రాక్టర్‌ని ఏం చేయాలి? కోసిన కాయని వెనక్కి పంపితే రైతు నష్టపోతాడు, వచ్చే ఏడాది మన గేటు తొక్కడు అంటున్నారు మునిరత్నం గారు. ఒక్కరికి సందిచ్చినా లైను మెయిన్ రోడ్డెక్కుతుంది, పోయినేడు పోలీసులు రెండుసార్లు వచ్చారు అంటున్నారు సెక్యూరిటీ వాళ్లు. 14 మెయిళ్లు దీని మీదే. నడిమధ్య దారిగా జయచంద్ర గారు ఒకటి చెప్పారు: అలాంటి లోడ్లకు రోజూ రెండు విడిగా ఉంచుదాం, 12లోనే. దానికి ఇద్దరూ అవుననలేదు, కాదనలేదు.

టెంకలు, తొక్కలు ఎత్తేసే కాంట్రాక్టర్ రేటు పెంచమంటున్నాడు. వెంకటముని గారు మూడు రోజుల్లో ఇంకో కొటేషన్ తెస్తారట. అది వచ్చేదాకా ఆగొచ్చు, కానీ కుప్ప పడితే వాసనకి పక్క ఊరివాళ్లు ఊరుకోరు.

కాయ ధర మీద 9 మెయిళ్లు ఉన్నాయి. ఓనర్ గారితో మీరే మాట్లాడతానని రాశారు కదా, అందుకే వదిలేశాను.

ఒక చిన్న సంగతి. 19న లోకనాథం గారు జతచేసిన బడ్జెట్ షీట్ పాతది. 21న పంపినదే సరైనది, దాన్నే చూడండి.

సోమవారం ఉదయం 10కి అందరినీ రమ్మన్నాను. బాయిలర్ తేదీ అప్పటికి తెలిస్తే జూన్ 8 ఖాయం చేద్దాం. లేకపోతే రైతులకు టోకెన్లు ఇవ్వొద్దని మునిరత్నం గారికి చెప్పి ఉంచాను.

శిరీష
ప్లాంట్ ఆఫీస్