ఆదివారం ఇఫ్తార్: ఏవి ఎంత తేవాలి

తమ్ముడూ, ఆదివారం ఇఫ్తార్‌కి వచ్చేవాళ్ల లెక్క తేలింది. పెద్దమామయ్య వాళ్లు నలుగురు, చిన్నాన్న వాళ్లు ముగ్గురు, నీ ఆఫీసు ఫ్రెండ్స్ ముగ్గురు, పక్కింటి మాస్టారు, ఆయన భార్య. మొత్తం 12 మంది, మన నలుగురితో 16. కింద రాసిన కొలతలన్నీ 16 మందికి, నువ్వు మళ్లీ పైన కలపకు.

ముందు ఖర్జూరం. మనిషికి మూడు చొప్పున 48 కావాలి. మెత్తటి నల్ల కీమియా అరకిలో డబ్బాలు రెండు తీసుకో, రెండింట్లో కలిపి 90 దాకా వస్తాయి. 48 రోజా విప్పడానికి పోను మిగిలినవాటిలో ఒక 20 గింజ తీసి బాదం పెడదాం, ఇంకొన్ని మసీదుకి పంపుదాం. లాలాపేటలో విడిగా తూచి అమ్మేవి కూడా బాగుంటాయి కానీ ఒకటి కొరికి చూడాలి, రోజాలో ఉండి చూడలేవు కదా, అందుకే సీలు ఉన్న డబ్బా, దాని మీద తేదీ చూసి తీసుకో. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, కీమియా బయట ఉంటే త్వరగా పులుస్తుంది.

పండ్లు పోయినేడు మరీ ఎక్కువ తెచ్చాం. పైగా 4 గంటలకే కోసేశాం. అజాన్ వేళకి అరటిపండు నల్లబడి గిన్నె అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు తేలాయి, అమ్మ మొహం చూసి నాకు బాధేసింది. ఈసారి మనిషికి కోసిన ముక్కలు 200 గ్రాములు, అంటే 3 కిలోల పైచిలుకు చాలు, తర్వాత బిర్యానీ ఉంది. కిలోన్నర బొప్పాయి ఒకటి (తొక్కా గింజలూ పోతే కిలో వస్తుంది), యాపిల్స్ 4, అరటిపండ్లు 8, గింజలేని ద్రాక్ష అరకిలో, దానిమ్మలు 2. ద్రాక్ష శనివారం రాత్రే ఉప్పునీళ్లలో కడిగి ఆరబెడదాం, దానిమ్మ మధ్యాహ్నమే వలిచి పెట్టుకోవచ్చు. బొప్పాయి, యాపిల్ ఐదున్నరకి కోయాలి, అరటిపండు మాత్రం ఆఖరి పది నిమిషాల్లోనే, కోయగానే నిమ్మరసం కలపాలి. చాట్ మసాలా పక్కన చిన్న గిన్నెలో పెడదాం, ముందే చల్లితే నీరు వదిలేస్తుంది. పుచ్చకాయ 5 కిలోలది ఒకటి విడిగా, సగం ముక్కలకి, సగం పిల్లలకి జ్యూస్.

అసలు టెన్షన్ తాగేవాటి దగ్గరే. అజాన్ వినపడగానే 16 చేతులూ ముందు గ్లాసు వైపే వెళ్తాయి, పోసి ఇచ్చేదాకా ఎవరూ ఆగలేరు. అందుకని టైముకి పది నిమిషాల ముందే ప్రతి ప్లేటు పక్కన మూడు ఖర్జూరాలు, ఒక గ్లాసు మంచినీళ్లు, ఒక గ్లాసు షర్బత్ ఉండి తీరాలి. రూహ్ అఫ్జా 750 మిల్లీల సీసా ఒకటి చాలు. 3 లీటర్ల చల్లటి పాలు, లీటరు నీళ్లు, 400 మిల్లీల సిరప్ కలిపితే 200 మిల్లీల గ్లాసులు 22 వస్తాయి, రెండోసారి అడిగేవాళ్లకి కూడా సరిపోతుంది. కలిపేటప్పుడు కొలగ్లాసు వాడండి, ఎవరం రుచి చూడం కాబట్టి కొలత తప్పితే సరిదిద్దుకునే వీల్లేదు. చక్కెర వేయొద్దు, సిరప్‌లోనే చాలినంత ఉంది. సబ్జా 4 చెంచాలు అరగంట ముందు రెండు గ్లాసుల నీళ్లలో నానబెట్టి, మధ్యలో ఒకసారి కదపాలి, లేదంటే ముద్ద కడుతుంది.

మామయ్యకి షుగర్ ఉంది కదా, ఆయనకీ మాస్టారికీ అని 3 లీటర్ల పల్చటి మజ్జిగ చేద్దాం, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి. అర లీటరు పెరుగుంటే చాలు. మామయ్య ప్లేటులో ఖర్జూరం ఒక్కటే పెట్టండి, అత్తయ్య మరీ మరీ చెప్పింది. మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్ ఒకటి, ఐస్ రెండు కిలోలు. మగ్రిబ్ నమాజ్ అయ్యాక టీకి ఇంకో లీటరు పాలు, అంటే పాలు మొత్తం 4 లీటర్లు, శనివారమే చెప్పి ఉంచు.

మాస్టారు వాళ్లు మాంసం తినరు, వాళ్లకి శనగల గుగ్గిళ్లు, ఉల్లిపాయ పకోడీ విడి మూకుడులో నేను చేస్తాను. మనతో కలిసి అజాన్ దాకా ఆగి తింటామని ఆంటీ అన్నారు, వాళ్ల గ్లాసులు కూడా మన వరసలోనే పెట్టండి.

పండ్లు ఆదివారం పొద్దున్నే తేవాలి, ఖర్జూరం, సిరప్, సబ్జా మాత్రం శుక్రవారం సాయంత్రానికి ఇంట్లో ఉండాలి. మన దగ్గర స్టీలు గ్లాసులు 24 ఉన్నాయి, నీళ్లకీ షర్బత్‌కీ కలిపి 32 కావాలి. చిన్నాన్న వాళ్ల ఇంటి నుంచి ఒక డజను అడిగి తీసుకురా.