సగంలో వదిలేసిన వైరింగ్, లూజ్ కనెక్షన్లు, వేయని ఎర్త్ వైర్ గురించి

ఎలక్ట్రీషియన్ గారికి,

నమస్తే. ఫోన్ చేసినప్పుడల్లా "వస్తాను మేడమ్, చిన్న పనే కదా" అంటున్నారు, రావడం లేదు. అందుకే ఈసారి ఏ బోర్డులో ఏముందో మొత్తం రాసి, ఫొటోలతో కలిపి పంపిస్తున్నాను. తీరిగ్గా చదవండి. ఇది చిన్న పని కాదు, ఫినిషింగ్ గొడవ అంతకన్నా కాదు. మీరు అయిపోయిందని చెప్పి వెళ్లిన వైరింగ్‌లో మా ఇంట్లో మనుషులకు షాక్ కొట్టే పరిస్థితి ఉంది.

ముందు గీజర్ సంగతి. స్విచ్ వేసిన కాసేపటికే సాకెట్ ప్లేటు ముట్టుకోలేనంత వేడెక్కేది, ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చేది. మీకు చెబితే గీజర్ పాతదేమో అన్నారు. మా బంధువుల్లో ఈ పని తెలిసినాయన ఒకరు వస్తే మెయిన్ ఆపించి ప్లేటు విప్పించాను. ఫేజ్ వైర్‌ని ఆయన స్క్రూడ్రైవర్‌తో తాకనైనా తాకలేదు, రెండు వేళ్లతో పట్టుకోగానే టెర్మినల్లోంచి ఊడి చేతికొచ్చింది. చివర రాగి నల్లబడింది, దాని మీద ఎర్ర తొడుగు వేలెడు మేర గోధుమరంగుకు మాడి పెళుసుబారింది. ఇంకా విచిత్రం ఏమిటంటే వైర్‌లోని పోగులు కొన్ని మొదట్లోనే కత్తిరించేసి ఉన్నాయి, టెర్మినల్ రంధ్రంలో పట్టలేదని కోసేసినట్టున్నారు. 4 చదరపు మిల్లీమీటర్ల వైర్ కావాలని మీరే రాసిచ్చారు, నేను అదే కొన్నాను, తీరా కనెక్షన్ దగ్గర దాన్ని సగం చేసి పెట్టారు. అలాంటప్పుడు అంత లావు వైర్ ఎందుకు కొనిపించినట్టు?

"ఎంసీబీ ఉంది కదా మేడమ్, ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది" అన్నారు మీరు. ఈ మాట ఇంకో ఇంట్లో చెప్పకండి దయచేసి. ఎంసీబీ పడేది కరెంటు దాని పరిమితి దాటినప్పుడు, లేదా షార్ట్ అయినప్పుడు. లూజ్ కనెక్షన్ వల్ల కరెంటు పెరగదు, గీజర్ లాగేది ఎప్పుడూ లాగే అదే 8, 9 ఆంపియర్లు. స్క్రూ దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ చేరినా చాలు, ఆ ఒక్క చోటే 32 నుంచి 40 వాట్ల వేడి పుడుతుంది. అంటే గోడలో, ప్లాస్టిక్ డబ్బా లోపల, ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్ చేసి మూసేసినట్టు. ఎంసీబీకి ఇందులో తేడా ఏమీ కనిపించదు, ప్లేటు అంటుకున్నా అది నిలబడే ఉంటుంది.

ఆ ఒక్క సాకెట్టే అలా ఉంటే పొరపాటు అనుకుని ఊరుకునేదాన్ని. హాల్లో ఫ్యాన్ పక్కన లైటు మినుకుమినుకుమంటోందని పైన జంక్షన్ బాక్స్ చూస్తే దానికి మూతే లేదు, లోపల వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు, ఆ టేపు అప్పుడే జిగురు వదిలి వేలాడుతోంది. కనెక్టర్ పెట్టడానికి బద్ధకమా? పడకగదిలో బోర్డు ఇంకో రకం, అక్కడ న్యూట్రల్ లూప్ లూజు. ప్లగ్గు కాస్త కదిలిందంటే ఆ గదిలో సగం ఆరిపోతుంది, ఒక్కోసారి లోపల చిటపటమని స్పార్క్ వినిపిస్తుంది. రాత్రిపూట ఆ చప్పుడు వింటూ పడుకోవడం ఎంత టెన్షనో మీకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం, ఎర్త్.

వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జిమ్మంటోందని మా అమ్మగారు చెబితే మీరు ఫోన్లో నవ్వారు, "చెప్పులేసుకోమనండి" అన్నారు. నాకు ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ మాటకే. చెప్పులేసుకుంటే జిమ్మనదు, నిజమే, కానీ మెషిన్ బాడీ మీద వోల్టేజి మాత్రం అలాగే ఉంటుంది. ఆ మెషిన్ లోపలి ఫిల్టర్ నుంచి బాడీలోకి వచ్చే కొద్దిపాటి లీకేజీ మామూలుగా ఎర్త్ వైర్ మీదుగా నేలలోకి పోవాలి, పోయే దారి లేక బాడీ మీదే ఉండిపోతోంది. ప్రస్తుతానికి అది జిమ్మనేంత కరెంటే. రేపు లోపల మోటారు ఇన్సులేషనో హీటరో పాడైతే అదే బాడీ మీద పూర్తి 230 వోల్టులు ఉంటాయి, తడి నేల మీద నిలబడి బట్టలు తీసేది మా అమ్మగారు.

ఆ సాకెట్ విప్పితే ఉన్నవి రెండే వైర్లు, ఫేజ్, న్యూట్రల్. పైన పెద్ద రంధ్రం వెనక టెర్మినల్ ఖాళీ, స్క్రూ కూడా తిప్పలేదు, కొత్తగా వచ్చింది వచ్చినట్టే ఉంది. ఫ్రిజ్ సాకెట్ అంతే. గీజర్‌దీ అంతే, నీళ్లతో పని చేసే వస్తువుకి! ఎంసీబీలన్నీ ఉండే డీబీ పెట్టె తెరిచి చూస్తే బయటి ఎర్త్ గుంత నుంచి వచ్చిన వైరు ఎర్త్ బార్‌కి చక్కగా బిగించి ఉంది, కానీ అక్కడి నుంచి గదుల వైపు వెళ్లే పైపుల్లో ఆకుపచ్చ వైర్ ఒక్కటీ లేదు. గుంత తవ్వించి, పైపు దింపించి, అంతా చేయించుకున్నది దేనికి మరి, డీబీ దాకా తెచ్చి ఆపడానికా?

పోనీ వైర్ చాలలేదని అంటారేమో. మీ చేతిరాతతో ఇచ్చిన మెటీరియల్ లిస్టు నా దగ్గరే ఉంది, అందులో ఆకుపచ్చ వైర్ కాయిల్స్ ఉన్నాయి, అన్నీ కొన్నాను. అవి సీలు కూడా తీయకుండా మా స్టోర్ రూమ్‌లో అటక మీదున్నాయి, ఫొటో జత చేశాను. మీరిచ్చిన ఎస్టిమేట్‌లో "అన్ని ప్లగ్ పాయింట్లకు ఎర్త్‌తో సహా" అని మీరే రాశారు, కూలీ కూడా దాని లెక్కనే మాట్లాడుకున్నాం.

వంటగదిలో చేసింది అన్నిటికంటే ఘోరం. అక్కడి సాకెట్‌లో టెస్ట్ ల్యాంప్ ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే చక్కగా వెలిగింది. హమ్మయ్య, ఇక్కడైనా ఎర్త్ ఇచ్చారు అనుకున్నాం. కానీ మా బంధువుకి అనుమానం వచ్చింది, నిజమైన ఎర్త్ అయితే ల్యాంప్ పెట్టగానే, ఎర్త్‌లోకి కరెంటు పోతే లైన్ ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోవాలి కదా, ఎందుకు పడలేదు అని. విప్పితే తెలిసింది, లోపల బెత్తెడు నల్ల వైరు ముక్కతో న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి లింకు కొట్టి ఉంది. చెకింగ్‌లో దొరక్కుండా ఉండటానికి కాకపోతే ఇంకెందుకు చేస్తారండీ అలా? ఎక్కడైనా న్యూట్రల్ తెగిందో లూజైందో అంటే ఆ సాకెట్‌కి పెట్టిన వస్తువు బాడీ నేరుగా లైవ్ అవుతుంది. ఎర్త్ అసలు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. మీ ఇంట్లో న్యూట్రల్స్ ఎంత గట్టిగా బిగిస్తారో తెలియదు కానీ మా ఇంట్లో ఎలా బిగించారో పైన రాశాను. ఇది మీరు చేశారో, మీరు లేనప్పుడు మీ కుర్రాడు చేశాడో నాకు అనవసరం, పని ఒప్పుకున్నది మీరు. ఆ ముక్క తీయించేశాం, కవర్లో పెట్టి ఉంచాను.

ఆర్‌సీసీబీ ఉంది కాబట్టి ఎర్త్ లేకపోయినా పర్లేదు అనే వాదన కూడా తేవద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మంచిదే, ఉండాల్సిందే. కానీ ఎర్త్ ఉంటే లీకేజీ గట్టిగా మొదలవగానే పడిపోతుంది, మనిషి ముట్టుకోవాల్సిన అవసరం ఉండదు. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకుని, కరెంటు వాళ్ల ఒంట్లోంచి నేలలోకి పోతేనే అది పడేది. మా ఇంట్లో ఆ టెస్టింగ్ ఎవరి మీద చేద్దామంటారు?

ఇవి కాక మిగిల్చిన పనులు సరేసరి. బాల్కనీ బోర్డుకి ప్లేటు లేదు, గేటు లైటు వైరు చివర్లు బయట గాలికి వేలాడుతున్నాయి, వాన పడితే ఏమవుతుందో మీకే తెలియాలి. డీబీలో ఏ ఎంసీబీ ఏ గదిదో రాయలేదు, ఏదైనా ఆపాలంటే అన్నీ ఒక్కోటీ దించి చూసుకుంటున్నాం.

ప్రస్తుతానికి గీజర్, వాషింగ్ మెషిన్ వాడటం మానేశాం, ఆ లైన్ల ఎంసీబీలు దించి పెట్టాం. బకెట్లతో నీళ్లు కాచుకుంటున్నాం, కొత్త గీజర్ పెట్టుకుని కూడా.

నాకు కావలసింది ఇది. వచ్చే ఆదివారం లోపు మీరు స్వయంగా రావాలి, కుర్రాణ్ని ఒక్కణ్నే పంపితే లోపలికి రానివ్వను. ప్రతి ప్లగ్ పాయింట్‌కీ డీబీలోని ఎర్త్ బార్ నుంచి ఆకుపచ్చ వైర్ వేయాలి. కాయిల్స్ సిద్ధంగా ఉన్నాయి, పైపుల్లో చోటు కూడా ఉందని చూసిన వాళ్లు చెప్పారు, ఉన్న వైర్‌కి కట్టి లాగితే వస్తుందట. కాబట్టి వచ్చీ రాగానే సుత్తి తీసి పెయింట్ వేసిన గోడలు కొట్టొద్దు. ఎక్కడైనా కొట్టక తప్పదంటే ముందు నాకు చూపించి కొట్టాలి, ఆ ప్లాస్టరింగ్, పెయింట్ ఖర్చు మీదే. మాడిపోయిన గీజర్ సాకెట్ మార్చాలి, మాడిన వైరు వెనక్కి కోసి అన్ని పోగులూ లోపలికి వెళ్లేలా బిగించాలి. మీరు బిగించిన ఏ బోర్డు మీదా నాకిప్పుడు నమ్మకం లేదు, అందుకని మొత్తం విప్పి ప్రతి స్క్రూ నా ముందే బిగించాలి, ఇంకెక్కడైనా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ లింకు ఉంటే అదీ బయటపడుతుంది. పైన బాక్సుల్లో టేపు జాయింట్లు తీసి కనెక్టర్లు పెట్టి మూతలు వేయాలి.

అయ్యాక "చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి" అంటే కుదరదు. ఎర్త్ లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి. ప్రతి సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ల్యాంప్ పెట్టి ఆర్‌సీసీబీ పడుతోందని చూపించాలి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ టెస్ట్ చేసి ప్రతి లైన్‌కీ రీడింగ్ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక్క మెగాఓమ్ కన్నా తక్కువ ఏ లైన్‌లో వచ్చినా ఆ లైన్ మళ్లీ చేయాలి.

మీకు ఇవ్వాల్సిన బ్యాలెన్స్ అప్పటిదాకా ఇవ్వను. ఎగ్గొట్టే ఉద్దేశం లేదు, టెస్టింగ్ పూర్తయి కాగితం నా చేతికొచ్చిన వెంటనే మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాను. ఆదివారం కూడా దాటిపోతే మాత్రం లైసెన్స్ ఉన్న వేరే ఎలక్ట్రీషియన్‌తో చేయించుకుంటాను, ఆ బిల్లు మీ బ్యాలెన్స్‌లోంచి తీసేస్తాను, చాలకపోతే మిగతాది మీరు కట్టాలి. ఫొటోలు, లిస్టు, ఎస్టిమేట్ అన్నీ జాగ్రత్తగా పెట్టుకున్నాను, వినియోగదారుల ఫిర్యాదు దాకా వెళ్లాల్సి వస్తే వాటితోనే వెళతాను.

ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తున్నారో ఇదే నంబరుకి మెసేజ్ పెట్టండి. ఫోన్లో "వస్తాను" అంటే లెక్కలోకి తీసుకోను, రాసి పంపండి.

ఇట్లు,
మీరు వైరింగ్ చేసిన ఇంటి యజమానురాలు

జతపరిచినవి: గీజర్ సాకెట్, హాల్ జంక్షన్ బాక్స్, వంటగది సాకెట్‌లోని లింకు వైరు, డీబీ, సీలు తీయని కాయిల్స్ ఫొటోలు, మీరు రాసిచ్చిన ఎస్టిమేట్, మెటీరియల్ లిస్టు