గడువు దాటినా నా కోచింగ్ సీటు రద్దు చేయమని విన్నపం

శ్రీకాకుళం,
2 ఆగస్టు 2025

డైరెక్టర్ గారికి,

నమస్కారం సార్. బ్యాంకు పరీక్షల సాయంత్రం బ్యాచ్‌లో చదువుతున్నాను. నా రోల్ నంబరు 47. జూన్ 2న చేరాను. ఆరు నెలల కోచింగ్‌కు 18,000, పుస్తకాలకు 1,500 రూపాయలు ఒకేసారి కట్టాము. ఇక క్లాసులకు రాలేను. దయచేసి నా సీటు రద్దు చేయండి.

చేరిన 15 రోజుల్లోపు చెబితేనే ఫీజు వెనక్కి ఇస్తామని రసీదు వెనుక ఉంది. దాని కింద నేను సంతకం కూడా పెట్టాను. ఆ గడువు జూన్ 16తో అయిపోయింది. అప్పటికి మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు సార్.

మాది కవిటి దగ్గర పల్లె. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలియనిది కాదు. జులై 23న పలాస ఆసుపత్రిలో మా నాన్నకు రెండు కిడ్నీలూ బాగా దెబ్బతిన్నాయని చెప్పారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్ చేయాలన్నారు. ఆ కబురు తెలిసిన మర్నాడే, క్లాసు అయ్యాక ఇంటికి వెళ్లిపోయాను. అన్నయ్య చెన్నైలో పనిలో ఉన్నాడు. అమ్మ ఒక్కతే నాన్నను తీసుకెళ్లి తీసుకురాలేదు. డయాలసిస్ అయిన రోజు ఆయన సరిగా నిలబడలేకపోతున్నారు కూడా. తోట పని చూసేవాళ్లూ లేరు. 2018లో తిత్లీ తుఫానుకు పడిపోయిన కొబ్బరి చెట్ల స్థానంలో నాన్న నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. నా ఫీజు ఆ కాయల డబ్బులతోనే కట్టారు. ఇప్పుడు ఆ డబ్బు దారి ఖర్చులకీ మందులకీ కావాలి.

నేను చదివినంతకు ఫీజు తీసుకోండి. రెండు నెలలు పూర్తి కాకపోయినా, నెలకు 3,000 చొప్పున రెండు నెలలకు 6,000 ఉంచుకోండి. పుస్తకాల డబ్బు అడగను, అవి నేను వాడుకున్నాను. మిగిలిన 12,000 వెనక్కి ఇప్పించండి. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మీతో గొడవకు ఈ మాట రాయడం లేదు, నేను అడిగేది సబబేనని మీరు గమనిస్తారని రాశాను. ఒకేసారి కుదరకపోతే రెండు విడతలుగా ఇచ్చినా మాకు ఆసరాగా ఉంటుంది.

సీటు తర్వాతి బ్యాచ్‌కి మార్చుకోమని ఆఫీసులో అన్నారు. మంచి మాటే, కానీ నేను ఎప్పటికి తిరిగి రాగలనో చెప్పలేను. సీటు ఇంకొకరికి ఇచ్చేయండి.

ఆసుపత్రి కాగితాలు, ఫీజు రసీదు జిరాక్సులు దీనితో జత చేశాను. ఐడీ కార్డు, లైబ్రరీ కార్డు సోమవారం తెచ్చి ఇస్తాను. డబ్బును ఫీజు కట్టిన నాన్న ఖాతాకే వేయండి. ఏమైనా అడగాలంటే ఫారంలోని నంబరుకు సాయంత్రం ఫోన్ చేయండి. మంగళ, శుక్రవారాల్లో ఆసుపత్రిలో ఉంటాను, వెంటనే ఎత్తలేకపోవచ్చు.

రీజనింగ్ చెప్పే సార్‌కి నా నమస్కారాలు చెప్పండి. వెనకబడిన మమ్మల్ని క్లాసు అయ్యాక కూర్చోబెట్టి మరీ చెప్పేవారు.

ఇట్లు,
మీ విద్యార్థిని,
రోల్ నంబరు 47, సాయంత్రం బ్యాచ్