అతిథి పరిచయం: లష్కర్ మద్దిలేటి గారు

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి.

మన సివిల్ డిపార్ట్‌మెంట్‌కు ఇంతకుముందు పెద్ద పెద్ద ఇంజనీర్లు, ప్రొఫెసర్లు వచ్చి మాట్లాడారు. ఇవాళ మన ముందు కూర్చున్న పెద్దాయన కె.సి. కెనాల్ మీద లష్కర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పేరు మద్దిలేటి గారు. ఆయనను పిలవాలని ఈ డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే ఎక్కువ పట్టుబట్టింది నేనే. ఎందుకో చెప్తాను.

లష్కర్ అంటే టౌన్‌లో పెరిగిన పిల్లలకు తెలియకపోవచ్చు. కాలువ కట్ట వెంట నడిచే మనిషి. గేజి చూసి నీటిమట్టం రాసుకుంటాడు. పై ఆఫీసుకు కబురు పంపుతాడు. ఏ తూముకు షట్టర్ ఎంత ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకుంటాడు. డ్యామ్ దగ్గర ఎన్ని టీఎంసీలు ఉన్నాయో పేపర్లో వస్తుంది. అవి ఫలానా రైతు మడిలోకి వచ్చాయా లేదా అన్నది లష్కర్‌కు తెలుస్తుంది.

మన కాలువ గురించి రెండు మాటలు. దీన్ని 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. నీళ్లు పారించడంతో పాటు పడవలు నడపాలన్నది వాళ్ల ఆశ. అందుకే దారి పొడుగునా లాకులు కట్టారు. అనుకున్నంత ఆదాయం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, మన కర్నూలులోనే హంద్రీ నదిని దాటుకుని, నంద్యాల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాల పైమాటే. రోజూ బస్సులో ఆ కాలువను దాటే వస్తున్నాం. ఎంతమందిమి దిగి చూశాం?

మద్దిలేటి గారి నాన్నగారిది ఆఖరి ఆయకట్టులో పొలం. మీరు క్లాసులో టెయిల్ ఎండ్ అని రాసుకుంటారే, అక్కడ. కాలువకు నీళ్లు వదిలారని ఊరంతా చెప్పుకుంటుంటే వీళ్ల మడి మాత్రం నెర్రెలిచ్చి ఉండేది. పైనవాళ్లు తూములో కంప కొట్టో, రాళ్లు వేసో నీళ్లు మళ్లించుకుంటే కిందకు పారేదేముంది? చిన్నప్పుడు నాన్నతో పాటు లాంతరు పట్టుకుని రాత్రిళ్లు కాలువ మీద కాపలా పడుకున్న పిల్లవాడు, తర్వాత అదే కాలువ మీద ఉద్యోగంలో చేరాడు. మొదట రోజుకూలీ, ఆ తర్వాత పర్మనెంట్. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయన పట్టుదల ఒకటే. వంతు ఎవరిదైతే నీళ్లు వాళ్లకే. పలుకుబడి ఉన్నవాళ్ల పొలమైనా సరే, వంతు అయిపోతే షట్టర్ దించి తాళం వేసేవారు. నారు ఎండిపోతుంటే రైతుకు వచ్చే కోపం ఎట్లాంటిదో మన సీమ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆ కోపానికి ఎదురుగా ఆయన చేతికర్ర ఒక్కటి పట్టుకుని నిలబడేవారు. పోలీసులను పిలిపించేవారు కాదు. పై ఊరి పెద్దలను, కింది ఊరి పెద్దలను ఒకే తూము దగ్గర కూర్చోబెట్టి, గేజి అందరికీ చూపించి మాట్లాడేవారు. ఇట్లా కూర్చోబెట్టడం ఏ సిలబస్‌లోనూ లేదు. రేపు మీరు ఏఈలుగా చేరిన మొదటి సీజన్‌లోనే దీని అవసరం పడుతుంది.

ఇక నేను ఆయనను పిలవడానికి అసలు కారణం. సాయిల్ మెకానిక్స్‌లో మీకు పైపింగ్ గురించి చెప్పాను. కట్ట లోపల నీరు దారి చేసుకుని, మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోయి, చివరికి గండి కొట్టడం. బోర్డు మీద బొమ్మ గీశాను, సూత్రం రాశాను, మీరు పరీక్షలో రాశారు. కట్ట మీద దాన్ని బుంగ అంటారు. ఈ పాఠానికి ఉదాహరణలు వెతుక్కుంటూ మద్దిలేటి గారి ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన ఏం చెప్పారంటే, కట్ట వెలుపలి వాలు కింద ఊట కనబడితే మొదట దోసిట్లోకి తీసుకుని చూడాలట. నీళ్లు తేటగా ఉంటే గుర్తు పెట్టుకుని రోజూ వచ్చి చూసుకోవాలి. మట్టి రంగు తిరిగిందంటే మాత్రం కదలకూడదు. అక్కడే మనిషిని నిలబెట్టి కబురు పంపాలి. కంగారులో ఆ కన్నాన్ని బయటినుంచి మూసేయకూడదు. మూస్తే నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. ఊట చుట్టూ ఇసుక మూటలు గుండ్రంగా పేర్చి, లోపల నీళ్లు కొంత ఎత్తుకు నిలిచేట్టు చేయాలి. నిలిచిన నీటి బరువుకు ఊట ఉరవడి తగ్గి, మట్టి రావడం ఆగుతుంది.

నేను బోర్డు మీద హైడ్రాలిక్ గ్రేడియంట్ తగ్గించడం అని చెప్పింది ఇదే. నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆయన వానలో, చీకట్లో, మోకాళ్ల లోతు బురదలో నిలబడి చేశారు. ఎండ్రకాయల బొక్కలు, ఎలుక కన్నాలు ఎక్కడెక్కడ ఉన్నాయో తన బీట్ మొత్తం ఆయనకు నోటికి వచ్చు. ఇవాళ ముఖ్యంగా దీని గురించే మాట్లాడమని అడిగాను.

ఇంకొక్క మాట చెప్పి మైక్ ఇచ్చేస్తాను. 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలును ముంచేసిన రోజు. మీలో చాలామంది అప్పటికి చంకబిడ్డలు. ఇళ్లల్లో ఇప్పటికీ ఆ మాట వస్తూనే ఉంటుంది. ఆ వరదప్పుడు మద్దిలేటి గారు డ్యూటీలోనే ఉన్నారు. కాలువ పక్కన కొట్టాల్లో ఉన్న కుటుంబాలను పేరుపేరునా పిలిచి మెరకకు పంపారు. ఆయన దీన్ని గొప్పగా చెప్పుకోరు. అడిగితే చెప్తారు. కాబట్టి అడగండి.

ఆయన చేతిలో అట్ట చినిగిన ఒక నోట్‌బుక్ ఉంది, చూశారా? సొంతానికి రాసుకున్న గేజి లెక్కలు అవి. తేదీ, మట్టం, ఏ తూము తెరిచారు, ఆ రోజు వాన పడిందా లేదా, ఎవరి పైరు ఏ దశలో ఉంది. ఒక పేజీలో నీటిమట్టం పక్కన "కింది ఊరికి అందినాయి" అని రాసి కింద గీత గీసుకున్నారు. ఆఫీసు రికార్డులో ఇట్లాంటి వాక్యానికి గడి ఉండదు. ఈ నోట్‌బుక్ జిరాక్స్ తీసి మన లైబ్రరీలో పెట్టుకుంటామని అడిగాను, సరేనన్నారు. అందుకు డిపార్ట్‌మెంట్ తరఫున ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఆయన మన కర్నూలు మాటల్లోనే మాట్లాడతారు, పీపీటీ ఏమీ లేదు. కట్ట బొమ్మ గీయడానికి బోర్డు, సుద్దముక్క అడిగారు. పెట్టాం. మధ్యలో ఆపకండి, చివర్లో ప్రశ్నలకు సమయం ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి కూర్చునే మాట్లాడతారు. ఫైనలియర్ పిల్లలు ఇద్దరు వచ్చి కుర్చీ బోర్డు దగ్గరికి జరపండి.

మద్దిలేటి గారూ, రండి సార్. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి.