ఆగస్టు 4 నాటి బిల్లు బకాయి: వాట్సాప్ సందేశం, దాని స్థానంలో పంపిన ఈ-మెయిల్

సెప్టెంబరు 20, శనివారం, వాట్సాప్‌లో:

శ్రీనివాస్ అన్నా, నమస్తే. మన కారం పాకెట్ల డబ్బులు ఇంకా రాలేదు. పోయిన సోమవారం అడిగితే వచ్చే వారం చూద్దాం అన్నారు. పండగ దగ్గర పడింది, ఆఫీసులో ఇద్దరికి జీతాలు ఇవ్వాలి. ఎంతో మీకు తెలుసు కదా. కాస్త చూసి వేయండి అన్నా. బిల్లు మళ్లీ కావాలంటే పంపుతాను.

సెప్టెంబరు 22, సోమవారం, ఈ-మెయిల్‌లో:

విషయం: బిల్లు నం. VJA/2025-26/041, గడువు దాటిన బకాయి రూ. 76,200

ప్రతి: అకౌంట్స్ విభాగానికి

శ్రీనివాస్ గారికి,

నమస్కారం. మీ కారం పొడి పాకెట్లు, ఎగుమతి అట్టపెట్టెలు, కేటలాగ్ డిజైన్లకు సంబంధించిన బిల్లులో కొంత మొత్తం ఇంకా అందలేదు. శనివారం వాట్సాప్‌లో ఈ విషయమే రాశాను. మీ అకౌంట్స్ వారికి కూడా వివరాలు ఒకేచోట దొరకాలని ఈ లేఖ పంపుతున్నాను.

బిల్లు తేదీ: 4 ఆగస్టు 2025
చెల్లింపు గడువు: మీ ఆర్డరు ప్రకారం 30 రోజులు, అంటే 3 సెప్టెంబరు 2025
తేజ, 334 మిర్చి రకాలకు 100, 200, 500 గ్రాముల పాకెట్లు, ఆరు డిజైన్లు, ఒక్కొక్కటి రూ. 8,000: రూ. 48,000
ఎగుమతి అట్టపెట్టెలు, రెండు డిజైన్లు, ఒక్కొక్కటి రూ. 9,000: రూ. 18,000
కేటలాగ్, 24 పేజీలు: రూ. 24,000
పన్నుకు ముందు మొత్తం: రూ. 90,000
సీజీఎస్టీ 9 శాతం: రూ. 8,100
ఎస్‌జీఎస్టీ 9 శాతం: రూ. 8,100
బిల్లు మొత్తం: రూ. 1,06,200
అందిన అడ్వాన్సు: రూ. 30,000
రావలసిన బకాయి: రూ. 76,200

ముద్రణకు సిద్ధంగా ఉన్న ఫైళ్లన్నీ జులై 31న మీకు అందాయి. 200 గ్రాముల పాకెట్టు వెనుక 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య సీలు అంచులోకి పోతోందని మీ ముద్రణాలయం వారు చెప్పినప్పుడు, దాన్ని పైకి జరిపి అదే రోజు సాయంత్రం తిరిగి పంపాను. ఆ తర్వాత పని గురించి మీ వైపు నుంచి అభ్యంతరం ఏదీ రాలేదు. ఇప్పటికీ సరిచేయవలసింది ఏదైనా ఉంటే చెప్పండి, వెంటనే చేస్తాను.

సెప్టెంబరు 8న అకౌంటెంట్ గారు సెలవులో ఉన్నారని, 15న మిర్చి యార్డు నుంచి డబ్బు రావలసి ఉందని మీరు చెప్పారు. మిర్చి వ్యాపారంలో డబ్బు ఎలా ఆగిపోతుందో గుంటూరు పక్కనే ఉన్న నాకు తెలుసు. అయితే ఈ బిల్లు మీద పడిన జీఎస్టీ రూ. 16,200 నేను పూర్తిగా కట్టేశాను. మీ నుంచి డబ్బు వచ్చేవరకు ఆ పన్ను గడువు ఆగదు. చిన్న సంస్థకు ఇది మోయలేని భారం.

శుక్రవారం, సెప్టెంబరు 26లోగా మొత్తం బకాయి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఒకేసారి వీలుకాకపోతే ఆ రోజుకు రూ. 38,100, దసరా దాటాక అక్టోబరు 6లోగా మిగిలిన రూ. 38,100 చెల్లించినా సమ్మతమే. ఏది కుదురుతుందో బుధవారం సాయంత్రంలోగా ఈ ఈ-మెయిల్‌కే జవాబుగా తెలియజేయండి.

టీడీఎస్ మినహాయించేట్లయితే జీఎస్టీ కలపకుండా రూ. 90,000 మీదే లెక్కించమని అకౌంట్స్ వారికి మనవి. మినహాయించిన మొత్తం నా ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి. అడ్వాన్సు మీద ఇప్పటికే ఏమైనా మినహాయించి ఉంటే ఆ వివరం కూడా పంపండి.

మా సంస్థ ఉద్యమ్ కింద నమోదైన సూక్ష్మ సంస్థ. రాతపూర్వక ఒప్పందం ఉన్నా, పని స్వీకరించిన నాటి నుంచి 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదని 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టవలసి ఉంటుంది. ఈ లేఖలో నేను వడ్డీ అడగడం లేదు. పైన చెప్పిన తేదీలకు డబ్బు అందితే ఆ మాట మళ్లీ ఎత్తను. మీరు అడిగిన హిందీ పాకెట్ల పని మాత్రం ఈ బకాయి తీరాకే మొదలుపెడతాను.

బ్యాంకు ఖాతా వివరాలు బిల్లు కింది భాగంలో ఉన్నాయి, అవి మారలేదు. వేరే ఖాతాకు పంపమని నా పేరుతో ఏదైనా సందేశం వస్తే, డబ్బు వేసే ముందు నాకు ఫోను చేసి నిర్ధారించుకోండి. డబ్బు జమ చేశాక యూటీఆర్ నంబరు పంపితే రసీదు అదే రోజు పంపుతాను.

మీరు ఈపాటికే చెల్లించి ఉంటే ఆ వివరాలు మాత్రం తెలియజేసి, ఈ లేఖను పక్కన పెట్టండి.

జతపరిచినవి: బిల్లు, మీ ఆర్డరు ప్రతి, ఉద్యమ్ ధ్రువపత్రం.

ఇట్లు,
మాధవి
ప్యాకేజింగ్ డిజైనర్
గవర్నర్‌పేట, విజయవాడ