మా చిట్టి తప్పిపోయింది

కర్నూలు సి.క్యాంపు రైతుబజార్ వెనక వీధి నుంచి దీపావళి రాత్రి ఎనిమిదిన్నరకు, టపాసుల శబ్దానికి బెదిరి గేటు సందులోంచి పారిపోయింది. ఆడకుక్క, నాటుజాతి, నాలుగేళ్లు. పిలిచే పేరు చిట్టి.

చూడగానే వీధికుక్క అనిపిస్తుంది. అందుకే ఈ కింది గుర్తులు దయచేసి ఓపిగ్గా చదవండి.

రంగు: కొత్త బెల్లం రంగు. ఈ ఫోటో సాయంత్రం ఎండలో తీసింది కాబట్టి ఇటుక రంగులా కనిపిస్తోంది, అసలు రంగు అంత ఎరుపు కాదు. మెడ నుంచి తోక దాకా వీపు మీద వెంట్రుకలు కొంచెం ముదురు. గొంతు, రొమ్ము, పొట్ట తెలుపు.

ఎత్తు: ఫోటోలో పక్కనున్నది ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్. చిట్టి వీపు దాదాపు దాని మూత దాకా వస్తుంది. పోయిన నెల తూకం వేస్తే 16 కిలోలు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు.

మొహం: రెండు కళ్ల మధ్య నుంచి ముక్కు దాకా సన్నటి తెల్ల నామం, కింద కొంచెం పక్కకు వంగి ఉంటుంది. నల్లటి ముక్కు మీద కందిబద్దంత గులాబీ మచ్చ. దగ్గరికెళ్తేనే కనిపిస్తుంది గానీ, ఇంకే కుక్కకూ ఉండని గుర్తు ఇదే.

ఎడమ చెవి కొన V ఆకారంలో కత్తిరించి ఉంటుంది. అది దెబ్బ కాదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు పెట్టిన గుర్తు. ఎడమ అంటే చిట్టి ఎడమ. ఫోటోలో మనవైపు చూస్తోంది కాబట్టి మీకు కుడిచేతి వైపు కనిపిస్తుంది.

కాళ్లు: ముందు కుడికాలు మడమ దాకా తెలుపు, దాని మీద రెండు గోధుమ చుక్కలు. ముందు ఎడమకాలికి వేళ్లు మాత్రమే తెలుపు. వెనక కుడి తొడ మీద రూపాయి బిళ్లంత పాత గాయం, అక్కడ వెంట్రుకలు లేవు. ఇది ఫోటోలో కనిపించదు.

తోక వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది, కొన సున్నంలో ముంచినట్టు తెల్లగా. భయపడితే కాళ్ల మధ్యకు ముడుచుకుంటుంది, అప్పుడు ఆ తెలుపు కనబడకపోవచ్చు.

ఫోటోలోని ఎర్ర బెల్టు చూసి వెతకొద్దు. ఆరోజు స్నానం చేయించి తీసేశాము, మళ్లీ వేయలేదు.

కరవదు, కానీ కొత్తవాళ్లను చూస్తే పరిగెడుతుంది. దయచేసి తరమకండి, ఇంకా దూరం పోతుంది. కింద కూర్చుని "చిట్టీ, దా" అని మెల్లగా పిలవండి. పెరుగన్నం పెడితే ఆగుతుంది. ఆగకపోతే ఒక ఫోటో తీసి, ఎటు పోయిందో, ఏ టైముకో చెప్పినా చాలు.

తెచ్చిచ్చినవారికి 3,000 రూపాయలు ఇస్తాము. మీ దగ్గరే పెట్టుకుని అన్నం పెడుతున్నా మాకు ఏ కోపమూ లేదు, ఒక్క మాట చెప్పండి. మా అమ్మ మూడు రోజులుగా సరిగా తినడం లేదు.

ఈ కాగితం అంటించిన ప్రతి అంగట్లోనూ మా నంబరు ఇచ్చి ఉంచాము. ఇల్లు: రైతుబజార్ వెనక వీధి చివర, వేపచెట్టు పక్కన నీలం గేటు. రాత్రి ఎంత పొద్దుపోయినా గేటు తట్టండి.